పని మారాక జీతం మారాలంటే

చిన్న, మధ్యతరహా ప్రైవేటు సంస్థల్లో బాధ్యతలు పెరిగే తీరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒక సీనియర్ మానేస్తారు. ‘కొత్తవాళ్లు దొరికేదాకా నువ్వు కాస్త చూసుకో అమ్మా’ అంటారు యజమాని. వచ్చిన అభ్యర్థులు నచ్చరు, నచ్చినవాళ్లు ఎక్కువ అడుగుతారు. ఆరు నెలలు గడిచేసరికి కొత్తవాళ్ల కోసం వెతకడం కూడా మానేస్తారు, ఎందుకంటే పనేమీ ఆగలేదు. ఏడాది తిరిగాక చూసుకుంటే సీనియర్ చేసిన పనిలో సగం మీ మీదే ఉంటుంది. జీతం మాత్రం పోయిన ఏడాది ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ప్రభుత్వోద్యోగంలో దీనికో దారి ఉంది. పక్క పోస్టు బాధ్యతలు కూడా అప్పగిస్తే పూర్తి అదనపు బాధ్యతలని ఉత్తర్వు ఇస్తారు. ఫండమెంటల్ రూల్ 49 కింద, షరతులకు లోబడి, కొంతకాలం అలవెన్సు ఇస్తారు. ప్రైవేటులో అలాంటి నిబంధన లేదు. ఉత్తర్వూ ఉండదు, తేదీ ఉండదు, అలవెన్సు ఉండదు. నోటిమాటతో వచ్చిన బాధ్యతకు కాగితం మీద రూపం ఇవ్వాల్సింది ఆ పని చేస్తున్నవారే. అందుకే ఈ వ్యాసం ఎక్కువగా ఆ కాగితం గురించి, దాన్ని ఎప్పుడు ముందు పెట్టాలన్న దాని గురించి.

మొదట ఒక తేడా తెలియాలి. ఏటా ఏప్రిల్‌లో వచ్చేది ఇంక్రిమెంటు. అదే పని చేస్తున్నవారికి ధరలు పెరిగినందుకు, అనుభవం పెరిగినందుకు ఇచ్చేది. దానికి యాజమాన్యం ముందే ఒక మొత్తం పక్కన పెడుతుంది. మొత్తం జీతాల బిల్లు మీద ఎనిమిది శాతమో, పది శాతమో అనుకుని అందులోనే అందరికీ సర్దుతుంది. మీకు ఇరవై ఐదు శాతం ఇవ్వాలంటే మరో ముగ్గురికి కోత పడుతుంది. అందువల్ల ఇంక్రిమెంటు పేరుతో పెద్ద మొత్తం అడిగితే ‘కుదరదు’ అనడమే మేనేజరుకు తేలిక. జీతం సవరణ అలాంటిది కాదు. పనే మారిపోయింది కాబట్టి ఆ కొత్త పనికి తగిన జీతం మొదటినుంచి లెక్కగట్టమని అడగడం అది. ఆ డబ్బు ఇంక్రిమెంట్ల సొమ్ములోంచి రానక్కర్లేదు. ఖాళీ అయి భర్తీకాని పోస్టు జీతం ఏడాదిగా సంస్థకు మిగులుతూనే ఉంది. సవరణ అడిగేవారి బలమంతా ఈ ఒక్క సంగతిలో ఉంది, కానీ చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు.

ఒక నమూనా కేసు తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థ అనుకోండి. అకౌంట్స్ విభాగంలో ఇద్దరు. సీనియర్ గ్రాస్ జీతం నెలకు 48,000. జూనియర్ ఉద్యోగిని జీతం 32,000. అందులో ఆమె వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 30,000 వస్తుంది. 2025 జనవరిలో సీనియర్ మానేశారు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వ్యవహారాలు యజమాని చూసుకుంటున్నారు. బిల్లుల ఎంట్రీకి 15,000కు ఒక కుర్రాణ్ణి పెట్టారు. మిగతావి ఆమెకు వచ్చాయి: నెలనెలా జీఎస్టీ, టీడీఎస్ పనులు, సరఫరాదారుల బిల్లులను జీఎస్టీఆర్-2బీతో సరిచూడటం, గడువు తీరిన మందులకు కంపెనీల నుంచి రావాల్సిన క్లెయిములు.

ఇందులో ఏది నిజంగా అదనపు బాధ్యత? చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రోజూ రాత్రి ఎనిమిదిదాకా ఉంటున్నాను, ఆదివారాలు వస్తున్నాను అని చెబుతారు. అది పని పరిమాణం గురించిన మాట. యజమాని దానికి ‘ఇంకో కుర్రాణ్ణి పెడదాంలే’ అనేస్తే అక్కడితో సంభాషణ అయిపోతుంది. బాధ్యత అంటే తప్పు జరిగితే ఎవరిని పిలుస్తారన్నది. జీఎస్టీ అధికారి నుంచి లెక్కల తేడాపై నోటీసు వస్తే ముప్పై రోజుల్లోపు జవాబు ఎవరు తయారు చేస్తున్నారు? ఫలానా సరఫరాదారుకు చెల్లింపు ఆపాలని ఎవరు నిర్ణయిస్తున్నారు? పోయిన ఏడాది ఈ ప్రశ్నలకు సీనియర్ పేరు వచ్చేది, ఇప్పుడు ఆమె పేరు వస్తోంది. కాగితం మీద రాయాల్సింది ఈ మార్పునే.

కాగితం ఒక్క పేజీ దాటకూడదు. మూడు పనులు, ఒక్కోదానికి మూడు నాలుగు వాక్యాలు చాలు. ఆ పని అంతకుముందు ఎవరు చేసేవారు, ఏ తేదీ నుంచి ఆమెకు వచ్చింది, ఏడాదిలో ఏం మారింది, దానికి రుజువు ఎక్కడుంది.

జీఎస్టీ సంగతే చూడండి. నెలవారీ రిటర్ను వేసే సంస్థలు జీఎస్టీఆర్-1 పదకొండో తేదీలోపు, జీఎస్టీఆర్-3బీ ఇరవైలోపు వేయాలి. వేసిన తేదీ పోర్టల్‌లోనే నమోదవుతుంది కాబట్టి వాదన అక్కర్లేదు. మన కేసులో 2024లో మూడు నెలల 3బీ ఆలస్యమైంది, 2025లో ఒక్కటీ కాలేదు. ఈ రెండు వాక్యాలే రాయాలి. ‘సంస్థకు లక్షలు ఆదా చేశాను’ అని రాయకూడదు. ఆలస్యానికి ఫీజు రోజుకు యాభై రూపాయలు, నగదుగా కట్టాల్సిన పన్నుపై వడ్డీ ఏడాదికి పద్దెనిమిది శాతం. ఆరు లక్షల పన్ను తొమ్మిది రోజులు ఆలస్యమైతే వడ్డీ, ఫీజు కలిపి మూడు వేలు దాటుతాయంతే. యజమానికి ఈ లెక్క తెలుసు. చిన్న మొత్తాన్ని పెద్దదిగా చూపిస్తే, నిజంగా పెద్దదైన మరో అంకెను కూడా ఆయన నమ్మరు.

నిజంగా పెద్ద అంకె గడువు తీరిన మందుల క్లెయిముల్లో ఉంది. షాపుల నుంచి వెనక్కి వచ్చిన సరుకును హోల్‌సేలరు కంపెనీకి పంపితే, కంపెనీ క్రెడిట్ నోటు ఇస్తుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో గడువు, ఒక్కో ఫారం. వెంటపడకపోతే ఆ డబ్బు అలా నిలిచిపోతుంది. 2024 డిసెంబరు చివరికి రావాల్సింది 11,40,000. ఏడాది తర్వాత 3,90,000. తగ్గింది ఏడున్నర లక్షలు. ఇదంతా తన ఘనతేనని ఆమె రాస్తే పొరపాటు. ఇందులో ఎక్కువ భాగం ఎవరున్నా వచ్చేదే. ఏడాదికి పైగా పాతబడి, యజమానే వదిలేసుకున్న క్లెయిములను ఆమె బ్యాచ్ నంబర్లతో సహా తిరిగి పంపి రాబట్టిన మొత్తం 2,60,000. దాన్ని మాత్రమే రాయాలి, ఏ నెలలో ఏ కంపెనీ క్రెడిట్ నోటు వచ్చిందో పక్కనే చూపాలి. ఏడున్నర లక్షల్లో రెండు లక్షల అరవై వేలే తనదని చెప్పిన మనిషిని యజమాని మిగతా విషయాల్లోనూ నమ్ముతారు.

మూడోది అంకెల్లో పెట్టలేనిది. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ పన్నెండు శాతం నుంచి ఐదుకు తగ్గింది. కొన్ని ప్రాణరక్షక మందులకు పూర్తిగా తీసేశారు. హోల్‌సేల్ సంస్థల్లో ఆ వారం ఎలా గడిచిందో ఆ రంగంలో ఉన్నవారికి తెలుసు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఐటమ్‌కూ రేటు మార్చాలి, కంపెనీలు పంపిన కొత్త ధరల జాబితాలతో సరిచూడాలి, పాత రేటుతో అమ్మిన సరుకు తిరిగొస్తే ఏ రేటుతో క్రెడిట్ నోటు ఇవ్వాలో షాపులవాళ్లకు చెప్పాలి. ఆ మార్పు ఆమె చేతుల మీదుగా జరిగింది, 22న ఉదయం బిల్లింగ్ ఆగలేదు. దీన్ని రూపాయల్లోకి మార్చే ప్రయత్నం వద్దు. ఏం చేసిందో, ఎప్పుడు చేసిందో రాస్తే చాలు. ఆ రోజు ఆఫీసులో ఉన్న యజమానికి మిగతాది గుర్తొస్తుంది.

ఈ వివరాలు ఏడాది చివర ఒక్కసారిగా కూర్చుని రాస్తే సగం గుర్తుండవు. నెలాఖరున పది నిమిషాలు కేటాయించి డైరీలో ఐదారు వాక్యాలు రాసుకుంటే పని తేలికవుతుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రుజువుల కోసం సంస్థ లెడ్జర్లనో, కస్టమర్ల జాబితానో సొంత మెయిల్‌కు పంపుకోకూడదు. అది నమ్మకాన్ని పోగొట్టే పని, కొన్నిచోట్ల ఉద్యోగానికే ముప్పు. తేదీలు, మొత్తాలు డైరీలో ఉంటే చాలు, అసలు కాగితాలు ఆఫీసులోనే ఉంటాయి. అలాగే ఏడాదిలో జరిగిన తప్పును కూడా ముందే తలచుకుని ఉండాలి. ఏదో నెలలో టీడీఎస్ చలానా వేరే సెక్షన్ కింద కట్టి ఉండొచ్చు. యజమాని దాన్ని తీస్తే కంగారుపడకుండా, ఎప్పుడు సరిదిద్దిందీ ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

ఇక ఎంత అడగాలి? పక్క సంస్థలో ఎవరికో యాభై వేలట అన్న మాట పట్టుకోవద్దు. ఆ యాభై సీటీసీయా, గ్రాసా, చేతికొచ్చేదా తెలియదు. హైదరాబాద్ జీతమో, విజయవాడ జీతమో తెలియదు. మన కేసులో గట్టి లెక్క సంస్థలోనే ఉంది. ఏడాది క్రితం ఆ విభాగానికి నెలకు అయ్యే జీతాలు 80,000. ఇప్పుడు 47,000. ఆమె జీతం 40,000 చేసినా మొత్తం 55,000, పాతదానికన్నా పాతిక వేలు తక్కువ. సీనియర్ పనంతా ఆమెకు రాలేదు కనుక 48,000 అడగడం న్యాయం కాదు, 35,000కు సరిపెట్టుకోవడమూ న్యాయం కాదు. ఆమె 42,000 అడగొచ్చు, 39,000 దగ్గర ఒప్పుకోవచ్చు. ఈ రెండో అంకె మనసులో ముందే గట్టిగా అనుకుని ఉండాలి, అక్కడ కూర్చున్నాక నిర్ణయించుకోవడం కష్టం.

తక్కువ జీతాలవారికి ఇక్కడొక చిక్కు ఉంది. ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000. ఇరవై వేల ఐదొందలు తీసుకుంటున్నవారికి ఎనిమిది వందలు పెంచితే పరిమితి దాటుతుంది. అప్పుడు నడుస్తున్న చందా కాలం, అంటే సెప్టెంబరు లేదా మార్చి ముగిశాక ఈఎస్ఐ వర్తించదు. కుటుంబమంతటికీ ఉన్న వైద్యం పోగొట్టుకోవడం ఎనిమిది వందలకు తగిన బేరం కాదు. ఆ గీత దగ్గర ఉన్నవారు, దాటితే ఆరోగ్య బీమా ఖర్చు కూడా వచ్చేంత అడగాలి, లేదా సంస్థ తరఫున బీమా చేయించమనాలి.

సమయం విషయానికి వద్దాం. చాలామంది ఏప్రిల్‌లో ఇంక్రిమెంటు లెటరు చేతికొచ్చాక, అంకె చూసి, బాధపడి అడుగుతారు. అప్పటికి లెక్కలన్నీ ముగిసి ఉంటాయి. ఒకరి లెటరు మారిస్తే నలుగురు వచ్చి నిలబడతారని యాజమాన్యం భయం. వచ్చే ఏడాది ఖర్చుల అంచనా జనవరి, ఫిబ్రవరిలో వేస్తారు. అడగాల్సింది ఆ అంచనా తయారయ్యే ముందు. మన కేసులో జనవరికి సరిగ్గా ఏడాది నిండింది, అదీ కలిసొచ్చింది.

నెలలోనూ మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటాయి. అకౌంట్స్‌వారికి ఏడో తేదీ టీడీఎస్ జమ, పదకొండు, ఇరవై జీఎస్టీ, మధ్యలో పదిహేను పీఎఫ్, ఈఎస్ఐ. ఇరవై ఒకటి నుంచి నెలాఖరులోపు యజమానికీ ఆమెకూ కాస్త ఊపిరి ఆడుతుంది. సంక్రాంతి సెలవుల హడావిడి కూడా అప్పటికి ముగుస్తుంది. మార్చి చివరి వారం, టాక్స్ ఆడిట్ గడువైన సెప్టెంబరు పనికిరావు. పని ఆగిపోయే సమయం చూసి అడిగినట్టు ఉంటుంది, యజమాని ఒత్తిడికి ఒప్పుకున్నా తర్వాత మనసులో పెట్టుకుంటారు. పెద్ద పార్టీ బాకీ మునిగిన వారంలోనూ, తోటి ఉద్యోగి జీతం ఎంతో తెలిసి మనసు మండుతున్న రోజునా అడగొద్దు. ఒక వారం ఆగితే కాగితం అదే ఉంటుంది, గొంతు మారుతుంది.

నాలుగైదు రోజుల ముందే విషయం చెప్పి సమయం అడగాలి. ‘సార్, నా పని, జీతం గురించి ఒక అరగంట మాట్లాడాలి. 23వ తేదీ సాయంత్రం వీలవుతుందా?’ అని వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో పంపితే చాలు. ఎందుకో చెప్పకుండా ‘మాట్లాడాలి సార్’ అంటే, మానేస్తున్నారేమోనని ఆయన వేరే ఏర్పాట్లు మొదలుపెట్టవచ్చు.

అసలు మాట ఇలా సాగవచ్చు.

‘సార్, పోయిన జనవరి నుంచి జీఎస్టీ, టీడీఎస్, క్లెయిములు నేనే చూస్తున్నాను. ఏడాదిలో ఏం జరిగిందో ఒక పేజీలో రాశాను. ఒకసారి చూడండి.’

ఆయన చదువుతున్నంతసేపు మాట్లాడకూడదు. చదివాక, ‘ఈ పనికి తగ్గట్టు నా జీతం 42,000కు సవరించమని అడుగుతున్నాను సార్, ఏప్రిల్ నుంచి’ అని చెప్పి ఆగాలి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించలేక ‘పోనీ మీ ఇష్టం సార్’ అనేసేవారు ఎందరో. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఇక్కడ తేవద్దు. అవి నిజమైన కష్టాలే, కానీ అవి చెప్పిన క్షణంలో సంభాషణ పని మీద నుంచి అవసరం మీదికి జారిపోతుంది. అవసరానికి అడ్వాన్సు ఇస్తారు, జీతం మార్చరు.

‘ముప్పై శాతం ఎవరికి పెంచారమ్మా ఎక్కడైనా?’ అని ఆయన అనొచ్చు. ‘ఇంక్రిమెంటుగా అంత అడగట్లేదు సార్. అందరితో పాటు వచ్చే ఇంక్రిమెంటు కూడా ఇందులోనే కలిపి చూడండి. మిగతాది కొత్తగా వచ్చిన పనికి. ఏడాది క్రితం ఈ విభాగానికి ఎనభై వేలు అయ్యేది, ఇది ఇచ్చినా యాభై ఏడు వేలే అవుతుంది’ అనొచ్చు. ఈ లెక్క ఒక్కసారే చెప్పాలి. ‘మీకు ముప్పై మూడు వేలు మిగిలింది’ అని పదేపదే అంటే అది నిందలా వినిపిస్తుంది.

ఎక్కువసార్లు వచ్చే జవాబు ‘చూద్దాంలే అమ్మా, ఈ ఏడు బిజినెస్ అంత బాగోలేదు’. దాన్ని కాదన్నట్టుగా తీసుకోవద్దు, అవునన్నట్టుగానూ తీసుకోవద్దు. ‘సరే సార్. బడ్జెట్ వేసేలోపు, ఫిబ్రవరి 20 దగ్గర మళ్లీ కూర్చుందామా?’ అని తేదీ తీసుకోవాలి. ఆ సాయంత్రమే ‘ఇవాళ మాట్లాడినందుకు ధన్యవాదాలు సార్, 20న మళ్లీ కలుద్దామన్నారు’ అని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టాలి. నోటిమాటగా మొదలైన వ్యవహారానికి మొదటి రాతపూర్వక ఆనవాలు అదే.

మరో జవాబు జీతం బదులు వేరేది ఇవ్వడం. సీనియర్ అకౌంటెంట్ అన్న హోదా ఇస్తారు, లేదా ఒకసారికి పాతిక వేలు బోనస్ అంటారు. హోదా పనికిరానిది కాదు, తర్వాతి ఉద్యోగానికి ఉపయోగపడుతుంది, దాన్ని రాతలో తీసుకోవాలి. కానీ నెలకు ఏడు వేల సవరణంటే ఏడాదికి 84,000, అది మళ్లీ వచ్చే ఏడాది ఇంక్రిమెంటుకు పునాది కూడా. పాతిక వేల బోనస్ మార్చితో ముగిసిపోతుంది. ‘బోనస్ సంతోషమే సార్, జీతం సంగతి ఎప్పటి నుంచి చూస్తారు?’ అని రెంటినీ వేరుగా ఉంచాలి.

నిజంగానే కాదంటే? వేరే ఉద్యోగం చేతిలో లేకుండా మానేస్తానని బెదిరించవద్దు. ‘సరే’ అంటే నష్టం ఆమెకే. ఇంకో దారి ఉంది, దాన్ని తక్కువమంది వాడతారు. బాధ్యతను తిరిగి చర్చకు పెట్టడం. ‘పాత జీతానికి పాత పని, నోటీసుల జవాబులు చూసుకుంటాను సార్. క్లెయిముల పని ఏప్రిల్ నుంచి ఎవరికి అప్పగించమంటారు? నేర్పిస్తాను’ అని అడగొచ్చు. ఇది మొండితనం కాదు. ఆ పనికి మనిషిని వెతకడం మొదలుపెట్టాక దాని మార్కెట్ ధర యజమానికి నేరుగా తెలుస్తుంది. కొందరు యజమానులు దీనికీ కదలరు. బయట ప్రయత్నించాల్సిందే. అప్పుడు ఆ ఒక్క పేజీయే ఇంటర్వ్యూలో పనికొస్తుంది, సంస్థ అంకెలు తీసేసి.

ఒప్పుకున్నాక పని ఇంకా మిగిలే ఉంటుంది. ‘పెంచానమ్మా’ అన్న మాట కాక, కొత్త గ్రాస్, అమల్లోకి వచ్చే తేదీ, హోదా ఉన్న లెటరు తీసుకోవాలి. ఏడు వేలల్లో ఎంత స్థిరమైనది, ఎంత టార్గెట్ల మీద ఆధారపడేదో అందులో ఉండాలి. సంస్థ పీఎఫ్‌ను 15,000 పరిమితి మీదే కడుతుంటే ఉద్యోగిని వాటా 1,800 దగ్గరే ఉంటుంది, 39,000 గ్రాస్‌కు చేతికి 37,000 రావాలి. పూర్తి బేసిక్ మీద కడుతుంటే కోత పెరుగుతుంది, చేతికి తక్కువొస్తుంది, కాని ఆ తేడా ఆమె పీఎఫ్ ఖాతాలోనే చేరుతుంది. కొన్నిచోట్ల యజమాని వాటా పీఎఫ్‌ను కూడా పెంపులోనే కలిపి ‘ఏడు వేలు పెంచాం’ అంటారు. అప్పుడు చేతికొచ్చే పెంపు ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి లెటరు తీసుకునేటప్పుడే ఏడు వేలు గ్రాస్‌లోనా, సీటీసీలోనా అని అడగాలి. ఏప్రిల్ జీతం మే మొదటివారంలో వస్తుంది. లెటరు ఆలస్యమై పాత జీతమే పడితే, ఏప్రిల్ తేడా మే జీతంతో అరియర్స్ కింద వస్తుందా అని ఆ వారమే మెయిల్‌లో అడగాలి, మే పేస్లిప్‌లో ఆ వరుస విడిగా కనిపించేదాకా చూసుకోవాలి.